దివ్యాంగ ఉద్యోగి సౌకర్యాలు అడిగినప్పుడు యాజమాన్యం జవాబు ఎలా రాయాలి: ఆదోని జిన్నింగ్ మిల్లు ఉదాహరణతో

కర్నూలు జిల్లాలో చిన్న మిల్లులు, ఫ్యాక్టరీలకు పీఎఫ్, ఈఎస్ఐ, లేబర్ కాగితాలు చూసే పని నాది. ఈమధ్య యజమానుల నుంచి ఒక కొత్త రకం కాగితం నా టేబుల్ మీదకు వస్తోంది. పోలియో ఉన్న గుమస్తానో, చూపు తగ్గిన అకౌంటెంటో తనకు ఫలానా సౌకర్యం కావాలని రాసి ఇస్తారు. "దీనికి ఏమని జవాబు ఇవ్వాలి?" అని యజమాని అడుగుతాడు. చాలామంది చేతికి మొదట వచ్చే వాక్యం "మీ విన్నపం పరిశీలించాం, ప్రస్తుతం సాధ్యపడదు" అన్నదే. ఆ ఒక్క వాక్యంతో ఉద్యోగికి అన్యాయం జరుగుతుంది. యజమాని కూడా చట్టం ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సి వస్తుంది.

అసలు జవాబు ఎలా తయారవుతుందో ఒక ఉదాహరణతో మొదటి నుంచి చివరి వరకు చెబుతాను. మా వైపు బాగా కనిపించే పరిస్థితినే తీసుకున్నాను. ఇది ఫలానా మిల్లు అని కాదు.

ఆదోనిలో నలభై మంది పనిచేసే జిన్నింగ్ మిల్లు. బండ్లు తూచే వేబ్రిడ్జి దగ్గర ముగ్గురు కాటా గుమస్తాలు. పత్తి సీజన్‌లో మిల్లు రాత్రింబవళ్లు నడుస్తుంది కాబట్టి మూడు షిఫ్టులు ఉంటాయి: ఉదయం 6 నుంచి 2, 2 నుంచి రాత్రి 10, 10 నుంచి తెల్లవారి 6. ముగ్గురూ వారానికో షిఫ్టు మారుతుంటారు. వారిలో ఒకరికి చిన్నప్పటి పోలియో. ఒక కాలికి ఊతంగా క్యాలిపర్, చేతికర్ర. సదరం సర్టిఫికెట్‌లో 60 శాతం వైకల్యం. పన్నెండేళ్లుగా అదే మిల్లులో ఉన్నాడు. ఈ ఏడాది సీజన్ మొదట్లో మూడు విషయాలు అడుగుతూ అర్జీ ఇచ్చాడు. కాటా క్యాబిన్ మెట్ల స్థానంలో ర్యాంపు కావాలి. కూర్చోవడానికి వీలయ్యే కమోడ్ మరుగుదొడ్డి దగ్గర్లో కావాలి. తనకు ఎప్పుడూ ఉదయం షిఫ్టే ఇవ్వాలి.

ముందుగా చట్టం ఎంతవరకు చెబుతుందో

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో సహేతుకమైన సర్దుబాటు అంటే, దివ్యాంగుడు మిగతావారితో సమానంగా తన హక్కులు అనుభవించడానికి అవసరమైన, తగిన మార్పు. అయితే ఆ సందర్భంలో అది సంస్థ మీద మోయలేనంత, పొంతన లేనంత భారం కాకూడదు. అలాంటి సర్దుబాటు నిరాకరించడం కూడా వివక్షేనని సెక్షన్ 2లోని నిర్వచనమే చెబుతోంది.

సెక్షన్ 20 సర్దుబాటు చేసే బాధ్యతను ప్రభుత్వ సంస్థల మీద పెట్టింది. దాన్ని చూపించి "మాది ప్రైవేటు, మాకు వర్తించదు" అనే యజమానులున్నారు. ఆ మాట నిలవదు. చట్టంలో సంస్థ అనే మాటలోకి కంపెనీలు, ఫర్ములు, ఫ్యాక్టరీలు కూడా వస్తాయి. సమాన అవకాశాల విధానం ప్రకటించాలన్న సెక్షన్ 21 అన్ని సంస్థలకూ వర్తిస్తుంది. 2017 కేంద్ర నిబంధనల్లో మూడోది వివక్ష ఫిర్యాదు వస్తే సంస్థ అధిపతి ఏం చేయాలో చెబుతుంది: చర్య తీసుకోవాలి, లేదా ఆ నిర్ణయం ఒక న్యాయమైన అవసరం కోసం తగిన మోతాదులోనే ఎలా ఉందో రాతపూర్వకంగా వివరించాలి. అంటే "కుదరదు" అని చెప్పవచ్చు, కానీ ఎందుకు కుదరదో చూపించే బాధ్యత యాజమాన్యానిది. సర్దుబాటు ఖర్చులో కొంతైనా సరే దివ్యాంగుడి చేత బలవంతంగా పెట్టించకూడదని కూడా అదే నిబంధన చెబుతుంది. "సగం నీ జీతంలో కోసుకుంటాం" అనే బేరానికి చోటు లేదు.

సర్టిఫికెట్‌లో 40 శాతం లేకపోతే అర్జీ చూడనక్కర్లేదని కొందరు అనుకుంటారు. 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆ ఆలోచనను తోసిపుచ్చింది. రిజర్వేషన్ లాంటి ప్రయోజనాలకు ఆ శాతం లెక్క ఉంటుంది. సర్దుబాటుకు మాత్రం ఆ మనిషికి ఎదురయ్యే అడ్డంకే కొలత. మన గుమస్తాకు 60 శాతం ఉంది కాబట్టి ఆ ప్రశ్న రాదు. ఇంకొకరి అర్జీకి అవసరమవుతుందని చెప్పాను.

మొదటి మెట్టు: అర్జీ అందినట్టు రాసివ్వండి

అర్జీ వచ్చిన రోజో మర్నాడో రెండు వాక్యాల రసీదు ఇవ్వండి. "మీ అర్జీ ఫలానా తేదీన అందింది. దీని గురించి ఫలానా రోజు మీతో కూర్చుని మాట్లాడతాం" అంటే చాలు. ఇక్కడే ఏ హామీ ఇవ్వకండి, ఏదీ కాదనకండి. ముఖ్యంగా ఆ అర్జీని నోటీసు బోర్డుకో వాట్సాప్ గ్రూపుకో ఎక్కించకండి. ఒకరి ఒంటి సంగతి నలుగురి నోళ్లలో పడితే, తర్వాత ఎంత మంచి జవాబు రాసినా ఆ గాయం మానదు.

రెండో మెట్టు: కూర్చుని మాట్లాడండి

అన్నింటికంటే ఎక్కువ సమయం ఇవ్వాల్సింది దీనికే. అర్జీలో ఉండేది ఉద్యోగి తనకు తోచిన పరిష్కారం. మనకు కావలసింది అతని కష్టం. కష్టం సరిగ్గా తెలిస్తే పరిష్కారాలు రెండు మూడు దొరుకుతాయి. వాటిలో మిల్లు మోయగలిగేది ఒకటైనా ఉంటుంది.

మాట్లాడేది ఆఫీసు గదిలో కాదు, పని జరిగే చోట. మన ఉదాహరణలో మేనేజరు కాటా క్యాబిన్ దగ్గరే ఒక గంట నిలబడి చూశాడు. ట్రాక్టరు ప్లాట్‌ఫారం ఎక్కుతుంది. గుమస్తా సరుకుతో కలిపిన గ్రాస్ బరువు కంప్యూటర్లో ఎక్కించి, చీటీ తీసి, కర్ర ఊతంతో మూడు మెట్లు దిగి, డ్రైవరు చేతికిచ్చి, బండి నంబరు సరిచూసి మళ్లీ ఎక్కుతాడు. సరుకు దించుకుని ఖాళీ బండి టేర్ తూకానికి వచ్చినప్పుడు మళ్లీ అదే వరస. అంటే ఒక్కో బండికి రెండుసార్లు దిగి ఎక్కడం. అప్పుడు గుమస్తా అన్న మాట ఇది: "సార్, పొద్దున ఒకసారి ఎక్కేది కష్టం కాదు సార్. బండి బండికీ దిగేది, ఎక్కేది, అదే కాలు పీకేస్తాది."

ఆ ఒక్క మాటతో లెక్క మారిపోయింది. అతను అడిగింది ర్యాంపు. ర్యాంపు కట్టినా బండి బండికీ రెండుసార్లు దిగి ఎక్కే బాధ అలాగే ఉంటుంది. పైగా క్యాలిపర్, కర్రతో నడిచేవారిలో కొందరికి పొడవైన ర్యాంపు కంటే, రెండు వైపులా పట్టుకోవడానికి కడ్డీలున్న మెట్లే తేలిక. ఎవరికి ఏది తేలికో వారిని అడగకుండా తెలియదు. అడిగితే తెలిసింది: కాలు బాగున్న రోజు కడ్డీలున్న మెట్లు చాలు, నొప్పి ఎక్కువైన రోజు మాత్రం చక్రాల కుర్చీలో రావాల్సి ఉంటుంది కాబట్టి ర్యాంపు కావాలి.

షిఫ్టు సంగతి కూడా ఇలాగే విప్పి అడగాలి. పోలియో వచ్చినవారిలో చాలా ఏళ్ల తర్వాత కొందరికి కొత్తగా కండరాల బలహీనత, విపరీతమైన అలసట, చలి తట్టుకోలేకపోవడం మొదలవుతాయి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో అతనికి అదే జరుగుతోంది. అడ్డంకి రాత్రి, చలి. ఉదయం షిఫ్టు అన్నది దానికి అతను చెప్పిన పరిష్కారం.

డాక్టరు కాగితం అడగవచ్చా? అవసరమైనంతే. పోలియో, క్యాలిపర్ కళ్లెదుట ఉన్నాయి, సదరం సర్టిఫికెట్ ఫైల్లోనే ఉంది. ర్యాంపుకు, మరుగుదొడ్డికి ఇంకో కాగితం అడగడం వేధింపే అవుతుంది. రాత్రి షిఫ్టుకు మాత్రం, రాత్రి పని వల్ల ఇబ్బంది ఉందా, ఏ పనులు మానుకోవాలి అన్న రెండు ప్రశ్నలకు డాక్టరు జవాబు చాలు. పాత ఆపరేషన్ల వివరాలు, మందుల చీటీలు మిల్లుకు అనవసరం.

మూడో మెట్టు: ఉద్యోగంలో అసలు పని ఏది, అలవాటు ఏది

కాటా గుమస్తా అసలు పని బరువు సరిగ్గా నమోదు చేయడం, బండి నంబరు సరిచూడడం, చీటీ ఇవ్వడం. వీటిని ఎవరూ తగ్గించమనలేదు, తగ్గించనక్కర్లేదు కూడా. కిందికి దిగి చీటీ ఇవ్వడం మాత్రం అలవాటుగా వచ్చిన పద్ధతి. క్యాబిన్ గోడకు జరిపే కిటికీ పెట్టి, డ్రైవరే కిటికీ దగ్గరికి వచ్చి చీటీ తీసుకుంటే ఆ పని అంతా మాయమవుతుంది. నంబరు సరిచూడడానికి గేటు వాచ్‌మన్ బండి లోపలికి వచ్చేటప్పుడే నంబరు రాసి పంపవచ్చు, లేదా ప్లాట్‌ఫారం వైపు ఒక కెమెరా పెట్టవచ్చు. ఈ రెండూ మిగతా ఇద్దరు గుమస్తాలకూ సుఖమే.

అసలు పనినే ఉద్యోగి చేయలేని స్థితి వస్తే దారి వేరు. అప్పుడు వేరే ఖాళీ ఉందా అని చూడాల్సి వస్తుంది. ఇక్కడ ఆ అవసరం రాలేదు.

నాలుగో మెట్టు: భారాన్ని అంకెల్లో చూడండి

"మోయలేని భారం" అన్న మాటను నోటితో చెబితే సరిపోదు. మన చట్టం దీనికి కొలబద్ద ఇవ్వలేదు. దివ్యాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి కమిటీ 2018లో ఇచ్చిన వివరణ మాత్రం దారి చూపిస్తుంది: ఖర్చు ఎంత, సంస్థ పరిమాణం ఎంత, దాని వనరులెంత, పని మీద ప్రభావం ఏమిటి, మిగతావారికి లాభమా నష్టమా. నేను దీనికి ఒక ప్రశ్న కలుపుతాను. ఇది ఒకసారి పెట్టే ఖర్చా, ప్రతి సీజన్‌కూ వచ్చేదా?

ర్యాంపుతో మొదలుపెడదాం. మూడు మెట్లు, ఒక్కోటి ఆరంగుళాలు, మొత్తం ఎత్తు అడుగున్నర. ర్యాంపు వాలు 1:12 కంటే నిటారుగా ఉండకూడదు, అంటే అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవు. అడుగున్నరకు పద్దెనిమిది అడుగులు. క్యాబిన్ ముందు తలుపు నుంచి వేబ్రిడ్జి అంచుకు ఉన్న దూరం తొమ్మిది అడుగులే. నేరుగా కడితే ర్యాంపు లారీల దారిలోకి వెళుతుంది. లారీ వెనక్కి తీసేటప్పుడు ప్రమాదం. పొడవు సగానికి తగ్గించి కడితే వాలు రెట్టింపై కర్ర జారుతుంది, కుర్చీ అయితే వెనక్కి దొర్లుతుంది. కాబట్టి ముందు వైపు కుదరదన్నది నిజమైన పరిమితి. అక్కడితో ఆగకూడదు. క్యాబిన్ వెనుక గోడ వైపు ఖాళీ ఉంది. అక్కడ తొమ్మిది అడుగులు వెళ్లి, అయిదడుగుల సమతల చదును, మళ్లీ మలుపు తిరిగి తొమ్మిది అడుగులు. వెడల్పు నాలుగడుగులు, రెండు వైపులా కడ్డీలు, పైన తలుపు ముందు ఇంకో అయిదడుగుల చదును. వెనుక తలుపు మూడడుగులకు వెడల్పు చేయాలి. మేస్త్రీ చెప్పిన అంచనా 85 వేలు అనుకుందాం. కిటికీ, మెట్లకు కడ్డీలు 9 వేలు. ఉన్న మరుగుదొడ్డిలో కమోడ్, పట్టుకునే కడ్డీలు, తలుపు బయటికి తెరుచుకునేలా మార్పు, అంతా కలిపి 22 వేలు. నలభై మందితో నడిచే మిల్లుకు ఇవి ఒకసారి పెట్టే ఖర్చులు. వీటిని మోయలేని భారం అని ఎవరి ముందూ నిరూపించలేం.

షిఫ్టు లెక్క వేరు. ముగ్గురే గుమస్తాలు. ఒకరు ఎప్పుడూ ఉదయమే అంటే, మిగతా ఇద్దరికీ సీజన్ అంతా ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. ఉదయం షిఫ్టు వాళ్లకు ఒక్క వారం కూడా దొరకదు. ఇది ఊహ కాదు, రోస్టర్ కాగితం మీద రాసి చూస్తే తేలే సంగతి. ఇతనికి రాత్రి షిఫ్టు మాత్రం తీసేసి, ఉదయం, మధ్యాహ్నం వారం వారం మార్చితే? మొదటి వారం ఇతను ఉదయం, రెండో వ్యక్తి మధ్యాహ్నం, మూడో వ్యక్తి రాత్రి. రెండో వారం ఇతను మధ్యాహ్నం, రెండో వ్యక్తి రాత్రి, మూడో వ్యక్తి ఉదయం. మూడు, నాలుగు వారాల్లో మిగతా ఇద్దరి వంతులు ఒకరివి ఒకరికి మార్చాలి. అప్పుడు వాళ్లకు రాత్రి మూడు వారాల్లో ఒకటి కాకుండా నాలుగు వారాల్లో రెండు వస్తాయి, ఉదయం కూడా ఒక్కో వారం దొరుకుతుంది. ఆ అదనపు రాత్రులకు వాళ్లకు నైట్ అలవెన్సు ఇవ్వాలి. అది మిల్లు ఖర్చు. సీజన్ అయిపోయాక ఒకే పగటి షిఫ్టు కాబట్టి అసలు గొడవే లేదు.

ఆ ఇద్దరితోనూ రోస్టర్ మార్పు గురించి మాట్లాడాలి. రోస్టర్ మారుతుందని, అలవెన్సు ఎంతని చెప్పండి. అతని ఆరోగ్యం గురించి చెప్పకండి.

అయిదో మెట్టు: జవాబు రాయడం

మంచి జవాబులో ప్రతి కోరికకూ విడిగా ఒక పేరా ఉంటుంది. ఇస్తున్నామా, మార్చి ఇస్తున్నామా, ఇవ్వలేకపోతున్నామా అన్నది మొదటి వాక్యంలోనే తేలిపోవాలి. కాదన్న చోట కారణం, దానికి బదులు ఏమిటి. చేస్తామన్న చోట తేదీ. అప్పటిదాకా రేపటి నుంచి ఏం చేస్తాం. దయ చూపుతున్నట్టు ధ్వనించే మాటలు వద్దు. "మానవతా దృక్పథంతో", "మీ పరిస్థితికి జాలిపడి" లాంటివి రాస్తే హక్కు కాస్తా భిక్ష అవుతుంది. ఇక నమూనా చూడండి.

> కాటా విభాగం గుమస్తా గారికి,
>
> అక్టోబరు 6న మీరిచ్చిన అర్జీ మీద, 9వ తేదీన కాటా దగ్గర మీతో మాట్లాడిన తర్వాత తీసుకున్న నిర్ణయాలు ఇవి.
>
> 1. ర్యాంపు: కట్టిస్తున్నాం. ముందు తలుపు నుంచి వేబ్రిడ్జికి తొమ్మిది అడుగులే ఉంది, సరైన వాలుకు పద్దెనిమిది అడుగులు కావాలి. అందువల్ల ముందు వైపు కాకుండా వెనుక తలుపు వైపు, మీరు చూసి సరేనన్న కొలతలతో కట్టిస్తాం. నవంబరు 15కల్లా పూర్తవుతుంది. ముందున్న మెట్లకు రెండు వైపులా కడ్డీలు, చీటీలు ఇవ్వడానికి కిటికీ అక్టోబరు 20కల్లా పెట్టిస్తాం. అప్పటివరకు రేపటి నుంచి మీ షిఫ్టులో ఒక సహాయకుడు చీటీలు అందిస్తాడు. మీరు బండి బండికీ దిగనక్కర్లేదు.
>
> 2. మరుగుదొడ్డి: మీరు అడిగినట్టే కాటా పక్కనున్న దానిలో కమోడ్, కడ్డీలు పెట్టిస్తాం. అక్టోబరు 31కల్లా పూర్తవుతుంది. అప్పటివరకు ఆఫీసులోని కమోడ్ వాడుకోవచ్చు, దాని తాళం మీ దగ్గరే ఉంటుంది.
>
> 3. షిఫ్టు: రేపటి నుంచి మీకు రాత్రి షిఫ్టు ఉండదు. సీజన్ అంతా ఉదయం షిఫ్టే ఇవ్వడం సాధ్యం కావడం లేదు. ముగ్గురిలో ఒకరికి ఎప్పుడూ ఉదయమే ఇస్తే మిగతా ఇద్దరికి సీజన్‌లో ఉదయం షిఫ్టు ఒక్కటీ రాదు. అందుకని వారం ఉదయం, వారం మధ్యాహ్నం చొప్పున వేస్తున్నాం. మధ్యాహ్నం షిఫ్టు వల్ల మీకు ఇబ్బంది వస్తే తేదీ కోసం ఆగకుండా చెప్పండి.
>
> వీటి ఖర్చు మొత్తం సంస్థదే. మీ జీతం, హోదా, సీనియారిటీ, సెలవుల్లో ఏ మార్పూ ఉండదు. నవంబరు 20న మనం మళ్లీ కూర్చుని ఇవి పనిచేస్తున్నాయో లేదో చూద్దాం. ఈ నిర్ణయంతో మీరు ఏకీభవించకపోతే యజమానికి రాతపూర్వకంగా చెప్పవచ్చు. దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్‌కు ఫిర్యాదు చేసే హక్కు మీకు ఎప్పుడూ ఉంటుంది.
>
> మేనేజరు

ఆఖరి వాక్యం చూసి యజమానులు ఉలిక్కిపడతారు. "మనమే ఫిర్యాదు దారి చూపించాలా?" అంటారు. ఆ హక్కు చట్టంలోనే ఉంది, మనం రాయకపోయినా పోదు. రాస్తే మాత్రం దాచడానికి ఏమీ లేదన్న నమ్మకం కుదురుతుంది. ఈ ఉత్తరాన్ని చేతికిచ్చేటప్పుడు ఒకసారి చదివి వినిపించండి. ఉద్యోగికి చూపు తక్కువైతే పెద్ద అక్షరాల్లోనో, ఫోన్లో చదివి వినిపించే ఫైలుగానో ఇవ్వండి.

ఆరో మెట్టు: కట్టిన తర్వాత చూడండి

కట్టేసిన ర్యాంపు పనికిరాకపోవడం తరచూ జరుగుతుంది. మేస్త్రీకి వాలు లెక్క చెప్పకపోతే చోటు కలిసొస్తుందని నిటారుగా కట్టేస్తాడు. అడుగున్నర ఎత్తుకు పన్నెండు అడుగుల్లోనే ముగించాడంటే వాలు 1:8 అయిపోయింది. టేపు పెట్టి కొలవండి. నున్నటి సిమెంటు ఫినిషింగ్ వద్దు, గరుకు గీతలు గీయించండి. జిన్నింగ్ మిల్లులో ఇంకో ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఎగిరే దూది పీచు నేల మీద పొరలా పేరుకుంటుంది, కర్ర కింది రబ్బరు బుష్ దాని మీద జారిపోతుంది. ప్రతి షిఫ్టు మొదట్లో ర్యాంపు, మెట్లు ఊడ్చే పని ఒకరికి పేరు పెట్టి అప్పగించాలి. లేకపోతే ఎవరూ చేయరు.

పని చేయడం లేదని గుర్తుపట్టేదెలా? ర్యాంపు ఉన్నా అతను మెట్లే ఎక్కుతున్నాడా, ఎవరైనా వెనక నుంచి తోయాల్సి వస్తోందా, కిటికీ మూసేసి మళ్లీ కిందికి దిగుతున్నాడా చూడండి. డ్రైవర్లు కిటికీ దగ్గరికి రాకుండా హారన్ కొట్టి పిలుస్తుంటే, వాచ్‌మన్ గేటు దగ్గరే వాళ్లకు చెప్పాలి. మధ్యాహ్నం షిఫ్టు వారాల్లో సెలవులు పెరిగాయంటే రాత్రి 10 వరకు ఉండడం కూడా బరువవుతోందని అర్థం. అప్పుడు సీజన్ ఊపులో ఉన్న నాలుగైదు వారాలకు ఒక తాత్కాలిక గుమస్తాను పెట్టుకోవడం గురించి మళ్లీ లెక్క వేయాలి. మొదట కాదన్నది తర్వాత అవుననడంలో తప్పు లేదు, ఉత్తరంలో నవంబరు 20 అన్న తేదీ ఉన్నది అందుకే.

సంస్థలో పనిచేసే దివ్యాంగుల వివరాలు, వారికి కల్పించిన సౌకర్యాల రికార్డు ఉంచాలని చట్టంలోని సెక్షన్ 22 చెబుతోంది. అర్జీ, రసీదు, 9వ తేదీ మాటల నోట్సు, కొలతల కాగితం, రోస్టర్ లెక్క, జవాబు నకలు ఒకే ఫైల్లో తేదీల వరసలో పెట్టండి. డాక్టరు కాగితాన్ని మాత్రం ఆ ఫైల్లో కాకుండా విడి కవరులో, మేనేజరు తాళం కింద ఉంచండి.